ఖాళీ పక్కనున్న పదాన్ని నమ్మొద్దు

ముందు ఒక ప్రశ్న. చదవగానే మనసులో ఏ జవాబు వచ్చిందో గుర్తుపెట్టుకోండి, మార్చుకోకండి.

"నైదర్ ఆఫ్ ద టూ బ్రదర్స్ ____ అటెండెడ్ ద మీటింగ్." ఆప్షన్లు నాలుగు: హ్యాజ్, హ్యావ్, ఆర్, వర్.

ఆర్, వర్ పెడితే వాక్యానికి అర్థమే ఉండదు కాబట్టి ఆ రెండూ ఎవరైనా తీసేస్తారు. అసలు పోటీ హ్యాజ్‌కీ హ్యావ్‌కీ మధ్యనే. క్లాసులో ఈ ప్రశ్న వేస్తే సగం మంది చేతులు హ్యావ్‌కే లేస్తాయి. ఎందుకని అడిగితే వచ్చే సమాధానం ఎప్పుడూ ఒకటే: "బ్రదర్స్ అని ఉంది కదా సార్, ఇద్దరు కదా!" ఉన్నది ఇద్దరే, నిజమే. కానీ వాక్యానికి కర్త బ్రదర్స్ కాదు, నైదర్. ఇద్దరిని ఎదురుగా నిలబెట్టి, ఒకసారి ఒకణ్ణి, ఇంకోసారి ఇంకొకణ్ణి చూపించి "వీడూ కాదు, వాడూ కాదు" అని చెప్పే పదం అది. వేలు ఎప్పుడూ ఒక్కడి మీదే ఉంటుంది. అందుకే జవాబు హ్యాజ్.

ఈ అధ్యాయంలో ఇంగ్లీషు వాక్యాలన్నీ కావాలనే తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. ఈ పొరపాటు జరిగేది స్పెల్లింగులో కాదు, చెవిలో. ఖాళీ వచ్చినచోట ఒక్క క్షణం ఆగి, పెదవులు కదుపుతూ చదవండి. తప్పు జవాబు ఎంత ఇంపుగా వినిపిస్తుందో మీకే తెలుస్తుంది.

చెవి ఎక్కడ మోసపోతుంది

ఇది తెలుగు మీడియంలో చదివినవాళ్ల జబ్బు అనుకోకండి. 1991లో క్యాథ్రిన్ బాక్, కారల్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఇంగ్లీషే మాతృభాషగా ఉన్న విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. వాక్యం మొదటి ముక్క వినిపించి, మిగతాది పూర్తి చేయమన్నారు. "ద కీ టు ద క్యాబినెట్స్" లాంటి ముక్కలవి. తాళంచెవి ఒక్కటే, బీరువాలు మాత్రం చాలా. కొందరు ఆ పక్కనున్న క్యాబినెట్స్‌కు లొంగిపోయి "వర్" అనేశారు. ఇంకో సంగతి కూడా బయటపడింది. కర్త ఏకవచనమై పక్కపదం బహువచనమైతే తప్పులు పెరిగాయి. తారుమారు చేసి, కర్త బహువచనం, పక్కపదం ఏకవచనం చేస్తే అంతగా పెరగలేదు.

ప్రశ్న తయారుచేసేవాడికి కావలసిందల్లా ఈ బలహీనతే. ఈచ్, నైదర్, ఈదర్, ఎవ్రీ వన్ అనే పదాల తర్వాత "ఆఫ్ ద" పెట్టి, దాని తర్వాత ఓ బహువచనాన్ని సరిగ్గా ఖాళీకి ఆనుకునేలా కూర్చోబెడతాడు. అంటే బయట కనిపించే ఎర బహువచనం, లోపల దాక్కున్న కర్త ఏకవచనం. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్లే జారే చోటు అది.

మనకు దీనికి తోడు ఇంటి ఇబ్బంది ఒకటుంది. "అన్నదమ్ములిద్దరిలో ఎవరూ రాలేదు" అంటాం. నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్లు రాలేదు. క్రియ ఎక్కడా మారలేదు చూడండి. జరగలేదని చెప్పే ఇలాంటి వాక్యాల్లో మన క్రియ వచనాన్ని అడగనే అడగదు, కాబట్టి నైదర్ దగ్గర ఎంచుకోవాల్సిన అవసరం ఒకటుందని మనకు తట్టదు. ఈచ్ ఆఫ్ దెమ్ దగ్గర ఇబ్బంది ఇంకో రకం. "ప్రతి ఒక్కరూ వచ్చారు", "ఒక్కొక్కరూ ఒక మాట అన్నారు" అని మనుషుల విషయంలో మర్యాదగా "రు" చేరుస్తాం. ఆ "రు" నాలుక మీద ఉండగా ఇంగ్లీషులో హ్యాజ్ ఎలా వస్తుంది?

అయితే అదే తెలుగు ఒకచోట చక్కగా సాయం చేస్తుంది. "ప్రతి విద్యార్థీ రాశాడు", "ప్రతి ఇంటికీ నంబరు ఉంటుంది." ప్రతి తర్వాత నామవాచకం నేరుగా వస్తే మనమూ ఏకవచనమే వాడతాం. అందుకే "ఎవ్రీ స్టూడెంట్ ____" అన్న ప్రశ్న దాదాపు ఎవరూ తప్పుచేయరు. "ఎవ్రీ వన్ ఆఫ్ ద స్టూడెంట్స్ ____" అనగానే తప్పుచేస్తారు. నియమం రెండింటికీ ఒకటే అయినా జారేది రెండోచోటే. కాబట్టి సాధనకు కేటాయించిన సమయమంతా "ఆఫ్" ఉన్న వాక్యాలకే ఇవ్వండి.

"ఆఫ్" నుంచి ఖాళీ దాకా కొట్టేయడం

పద్ధతి చిన్నదే. వాక్యం మొదట్లో ఈచ్, ఈదర్, నైదర్, వన్, ఎవ్రీ వన్ వీటిలో ఒకటి కనిపించి, వెంటనే "ఆఫ్" ఉంటే, ఆ "ఆఫ్" నుంచి ఖాళీ ముందు వరకూ ఉన్నదంతా మనసులో కొట్టేయండి. మిగిలింది చదవండి. "నైదర్ ____ అటెండెడ్ ద మీటింగ్." ఇప్పుడు హ్యావ్ అనమన్నా నోరు రాదు.

మధ్యలో ఇంకా ఏం ఇరికించినా కొట్టివేత ఆగకూడదు. "ఈచ్ ఆఫ్ ద ఎంప్లాయీస్, ఇంక్లూడింగ్ ద టూ మేనేజర్స్, ____ ఆస్క్‌డ్ టు సైన్." ఇక్కడ ఎంప్లాయీస్, మేనేజర్స్ అని రెండు ఎరలు వేశాడు. కామాల మధ్య ఉన్నది కూడా కొట్టేస్తే మిగిలేది "ఈచ్ ____ ఆస్క్‌డ్." వాజ్.

కానీ ఈ కత్తెరను ప్రతి "ఆఫ్" మీదా ఆడించకండి. ఈ ఒక్క హెచ్చరిక చెప్పకుండా పద్ధతి మాత్రమే నేర్పితే కొత్త తప్పులు మొదలవుతాయి. "సమ్ ఆఫ్", "మోస్ట్ ఆఫ్", "ఆల్ ఆఫ్", "ఎ లాట్ ఆఫ్" దగ్గర లెక్క తిరగబడుతుంది. "మోస్ట్ ఆఫ్ ద వాటర్ ఈజ్", "మోస్ట్ ఆఫ్ ద బాటిల్స్ ఆర్." ఇక్కడ ఆఫ్ తర్వాతి పదమే తీర్పు చెబుతుంది. మోస్ట్, సమ్, ఆల్ అనేవి కొంత భాగాన్నో, మొత్తాన్నో చెబుతాయి. ఆ భాగం నీళ్లదా, సీసాలదా అన్నది తర్వాతి పదం చూస్తేనే తెలుస్తుంది. ఈచ్, నైదర్ అలా కాదు. ఎంత మందిలోంచి అయినా చేతికి తీసేది ఒక్కణ్ణే.

ఇప్పుడు కాస్త గట్టి ప్రశ్న. బ్యాంకు పరీక్షల్లో కనిపించే రెండు ఖాళీల నమూనా ఇది.

"ఈచ్ ఆఫ్ ద వాలంటీర్స్ హూ ____ సెలెక్టెడ్ లాస్ట్ మంత్ ____ రిసీవ్డ్ ఎ సర్టిఫికెట్."

ఆప్షన్లు: వాజ్–హ్యాజ్, వర్–హ్యావ్, వర్–హ్యాజ్, వాజ్–హ్యావ్.

కొట్టివేత నేర్చుకున్న కుర్రాడు ఇక్కడ ఉత్సాహంగా వాజ్–హ్యాజ్ పెడతాడు. ఈచ్ ఉంది కాబట్టి రెండు ఖాళీలూ ఏకవచనమే అని అతని లెక్క. రెండో ఖాళీ వరకూ లెక్క సరైనదే. ఆఫ్ నుంచి రెండో ఖాళీ దాకా కొట్టేస్తే "ఈచ్ ____ రిసీవ్డ్ ఎ సర్టిఫికెట్", హ్యాజ్. మొదటి ఖాళీ సంగతి వేరు. దాని కర్త ఈచ్ కాదు, "హూ". ఆ హూ ఎవరిని చూపిస్తోంది? తన ముందున్న వాలంటీర్స్‌ను. పోయిన నెల ఎంపికైనవాళ్లు చాలామంది, వాళ్లందరిలో ఒక్కొక్కరికీ సర్టిఫికెట్ అందింది. కాబట్టి వాళ్లు ఎంపికైన ముక్కకు బహువచనం, అందుకున్న ముక్కకు ఏకవచనం. వర్–హ్యాజ్.

ఇలాంటి వాక్యంలో నేను చూసే క్రమం ఇది: ముందు రెండో ఖాళీ నింపుతాను. అది వాక్యానికి ప్రధాన క్రియ, కొట్టివేతతో క్షణంలో తేలిపోతుంది. నాలుగు ఆప్షన్లలో రెండు అక్కడే రాలిపోతాయి. ఆ తర్వాత హూ దగ్గరికొచ్చి, దానికి ఆనుకుని ముందున్న పదాన్ని చూస్తాను. వరసగా మొదటి ఖాళీ నుంచే మొదలెట్టాలని రూలేమీ లేదు. ఎస్సెస్సీ సీజీఎల్ మొదటి అంచెలో వంద ప్రశ్నలకు అరవై నిమిషాలు. సగటున ప్రశ్నకు 36 సెకన్లు, తప్పుకు అర మార్కు కోత. సులువైన ఖాళీ ఎక్కడుంటే అక్కడి నుంచే రావాలి.

ఈచ్ జాగా మారితే

ఈచ్ చేసే మాయ ఒకటుంది. "ఈచ్ ఆఫ్ ద బాయ్స్ ____ ఎ సైకిల్" అంటే హ్యాజ్. "ద బాయ్స్ ఈచ్ ____ ఎ సైకిల్" అంటే హ్యావ్. పదాలు దాదాపు అవే, అర్థమూ అదే, జవాబు మాత్రం వేరు. రెండో వాక్యంలో కర్త ద బాయ్స్. ఈచ్ వెనకొచ్చి "తలా ఒకటి" అని వివరం చెప్పి పక్కకు తప్పుకుంది, పెత్తనం చేయలేదు. "దే ఈచ్ హ్యావ్" కూడా అంతే. ఈచ్ కనపడగానే కళ్లు మూసుకుని హ్యాజ్ పెట్టేవాళ్ల కోసం ఈ ప్రశ్న తయారవుతుంది. బహువచన పదానికి ముందుందా, వెనక ఉందా అని చూడటం ఒక్కటే దీనికి మందు.

ఎవ్రీకి ఇంకో అధికారం ఉంది. మామూలుగా "అండ్" రెండు పేర్లను కలిపితే బహువచనం వస్తుంది. కానీ "ఎవ్రీ మ్యాన్, ఉమన్ అండ్ చైల్డ్ ____ రెస్క్యూడ్" అన్నప్పుడు అండ్ మాట చెల్లదు, వాజ్ పెట్టాలి. "ఈచ్ బాయ్ అండ్ ఈచ్ గర్ల్ ____" కూడా ఇదే దారి. "మెనీ ఎ" కూడా ఇదే కుటుంబం. "మెనీ ఎ స్టూడెంట్ ____ ఫెయిల్డ్" అంటే హ్యాజ్. అర్థం "ఎంతోమంది" అయినా, పక్కనున్నది ఏకవచన స్టూడెంట్ కాబట్టి క్రియ అటే పోతుంది.

నైదర్‌కు తోడు ఎవరొచ్చారు?

ఇంతవరకూ పక్కపదాన్ని నమ్మొద్దని చెప్పుకొచ్చాను. ఇప్పుడు నమ్మాల్సిన చోటు వచ్చింది.

"నైదర్ ద ప్రిన్సిపాల్ నార్ ద టీచర్స్ ____ ఇన్ఫార్మ్‌డ్." ఇక్కడ వర్. అదే వాక్యాన్ని తిప్పి "నైదర్ ద టీచర్స్ నార్ ద ప్రిన్సిపాల్ ____ ఇన్ఫార్మ్‌డ్" అంటే వాజ్. నార్, ఓర్ ఉన్నప్పుడు ఖాళీకి దగ్గరున్న పదమే క్రియను నిర్ణయిస్తుంది. నైదర్ ఇక్కడ కర్త కాదు, నార్‌తో జతకట్టి రెండు కర్తలను కలిపే పదం మాత్రమే. కాబట్టి నైదర్ లేదా ఈదర్ కనిపించగానే అడగాల్సిన ప్రశ్న "ఏకవచనమా, బహువచనమా" కాదు. "దీనికి తోడు ఆఫ్ వచ్చిందా, నార్ వచ్చిందా" అన్నదే. ఆఫ్ అయితే కొట్టెయ్, నార్ లేదా ఓర్ అయితే దగ్గరిదాన్ని పట్టుకో. రెండు సూత్రాలూ బాగానే గుర్తుంటాయి, హడావుడిలో కలగాపులగమయ్యేది ఏది ఎక్కడ అన్నదే.

దగ్గరి పదం నియమం కొన్నిసార్లు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. "ఈదర్ యు ఓర్ ఐ ____ రాంగ్." ఐకి దగ్గరగా ఉంది కాబట్టి ఆమ్. మాట్లాడేటప్పుడు దీన్ని ఎవరూ ఇలా అనకపోవచ్చు, వాక్యమే మార్చేసుకుంటారు. కానీ ఆప్షన్లలో ఆమ్ ఉంటే అదే జవాబు. ప్రశ్నార్థక వాక్యంలో ఖాళీ ముందుకొస్తుంది కాబట్టి దగ్గరి పదం కూడా మారిపోతుంది. "____ ఈదర్ ద మేనేజర్ ఓర్ ద క్లర్క్స్ ప్రెజెంట్?" ఖాళీకి ఇప్పుడు దగ్గరగా ఉన్నది మేనేజర్. ఈజ్ పెట్టాలి, ఆర్ కాదు. చివర ఉన్న క్లర్క్స్‌ను చూసి ఆర్ పెట్టేవాళ్లు ఎక్కువ.

ఇంగ్లీషు సినిమాల్లో, ఇంటర్వ్యూల్లో "నైదర్ ఆఫ్ దెమ్ ఆర్" అని వినేవాళ్లు ఈపాటికి నన్ను నిలదీయాలనుకుంటూ ఉంటారు. వాళ్ల చెవి తప్పు వినలేదు. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్త్‌విక్ 1985లో తెచ్చిన పెద్ద వ్యాకరణంలో ఇలాంటి వాడుక గురించి చర్చ ఉంది. రూపాన్ని బట్టి, అర్థాన్ని బట్టి, దగ్గరి పదాన్ని బట్టి క్రియ మూడు రకాలుగా మారవచ్చని అందులో విడదీసి చూపారు. మాటల్లో బహువచనం వస్తుంది, శ్రద్ధగా రాసేటప్పుడు ఏకవచనం ఉంటుంది. మన పరీక్షలు మాత్రం రెన్ అండ్ మార్టిన్ నీడలోనే నడుస్తాయి. ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించిన ప్రతులు మన దేశంలో తరాలుగా చేతులు మారుతున్నాయి. అందులో ఈచ్, ఈదర్, నైదర్, ఎవ్రీవన్ అన్నిటికీ ఏకవచనమే. ఆన్సర్ కీ కూడా అటే మొగ్గుతుంది. భాషాశాస్త్రం వేరు, కీ వేరు అని నిస్సంకోచంగా ఒప్పుకుని ఏకవచనం పెట్టేయండి. వాదన పరీక్షయ్యాక పెట్టుకోవచ్చు.

జట్టు గెలిచింది, జట్టు గొడవపడ్డారు?

సమూహాన్ని చెప్పే పదాలకొద్దాం. టీమ్, కమిటీ, జ్యూరీ, గవర్నమెంట్, క్రౌడ్, ఫ్యామిలీ. ఇక్కడ తెలుగు మనకు మంచి మొదటి జవాబు ఇస్తుంది. "కమిటీ నివేదిక ఇచ్చింది", "ప్రభుత్వం ప్రకటించింది", "జట్టు గెలిచింది." లోపల పదకొండు మంది ఉన్నా గెలిచింది అంటాం కానీ గెలిచారు అనం. ఖాళీల ప్రశ్నలో ఇంకే సూచనా లేకపోతే ఇదే పెట్టండి, ఏకవచనం. "ద కమిటీ ____ సబ్మిటెడ్ ఇట్స్ రిపోర్ట్", హ్యాజ్. ఒక్క "జనం" మాత్రం మనకు ఎదురు తిరుగుతుంది, జనం వచ్చారు అంటాం. దాన్ని పట్టుకుని "ద క్రౌడ్ వర్" అనకండి. క్రౌడ్ మామూలుగా వాజే.

చిక్కంతా సమూహం లోపలి మనుషులు ఎవరికి వాళ్లు విడిపోయినప్పుడు. ఒకే అభిప్రాయం లేనప్పుడు, ఎవరి సీటులో వాళ్లు కూర్చున్నప్పుడు, తమలో తాము కొట్లాడుకున్నప్పుడు క్రియ బహువచనం అవుతుంది. మన తెలుగులో ఇలాంటప్పుడు పదమే మార్చేసుకుంటాం, "జట్టు సభ్యులు గొడవపడ్డారు" అంటాం. ఇంగ్లీషు ఆ "సభ్యులు" అనే మాట చెప్పకుండానే క్రియతో ఆ పని చేయిస్తుంది. అందుకే ఇంగ్లీషు వాక్యం చూసినప్పుడు మనసులో ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. దీన్ని తెలుగులో చెప్పాలంటే "సభ్యులు" చేర్చాలనిపిస్తోందా? అనిపిస్తే బహువచనం.

"ద జ్యూరీ ____ డివైడెడ్ ఇన్ ____ ఒపీనియన్స్." ఆప్షన్లు: వాజ్–ఇట్స్, వర్–దెయిర్, వాజ్–దెయిర్, వర్–ఇట్స్.

క్రియ ఒకవైపు, సర్వనామం ఇంకోవైపు ఉన్న జతలు రెండు, చివరివి. ఒకే వాక్యంలో ఒకే జ్యూరీని ఒకసారి ఒక్కటిగా, ఇంకోసారి పలువురిగా చూడకూడదు కాబట్టి అవి ముందే పోతాయి. మిగిలిన రెండింటిలో, అభిప్రాయాల్లో చీలిపోయేది సభ్యులే కానీ జ్యూరీ అనే సంస్థ కాదు. వర్–దెయిర్. ఖాళీ ఒక్కటే ఇచ్చి సర్వనామం ముందే రాసి ఉంచితే పని ఇంకా సులువు. వాక్యంలో "ఇట్స్" ఉంటే ఏకవచనం, "దెయిర్" లేదా "దెమ్‌సెల్వ్స్" ఉంటే బహువచనం. ప్రశ్న తయారుచేసినవాడు జవాబు తనకు తానే సమర్థించుకోవడానికి ఏదో ఒక సూచన వదిలిపెడతాడు. మీరు వెతకాల్సింది దాన్నే.

"డివైడెడ్" కనిపించగానే బహువచనం అని కొందరు బట్టీపడతారు. దాని మీద ఒక దెబ్బ ఉంది. "ద క్లాస్ ____ డివైడెడ్ ఇంటూ త్రీ గ్రూప్స్." ఇది వాజ్. క్లాసులోవాళ్లు అభిప్రాయాల్లో చీలిపోలేదు. టీచర్ మొత్తం క్లాసును ఒక ముద్దగా తీసుకుని మూడు ముక్కలు చేశారు. క్లాస్ ఇక్కడ ఒక్కటే. ఒక్క "ఇన్", "ఇంటూ" తేడాతో జవాబు తిరిగిపోయింది. కీలకపదం పట్టుకుని పరుగెత్తేవాడు జారిపడేది ఇక్కడే.

క్రికెట్ కామెంటరీ వినే అలవాటున్నవాళ్లకు ఇంకో గందరగోళం. "ఇండియా హ్యావ్ వన్ ద టాస్" అని రోజూ వింటాం. అది బ్రిటిష్ వాడుక. ఆటల జట్లను, ప్రభుత్వాన్ని కూడా అక్కడ తరచుగా బహువచనంలో అంటారు. అమెరికన్లు జట్టును, ప్రభుత్వాన్ని సాధారణంగా ఏకవచనంలోనే ఉంచుతారు. ప్రశ్నలో "ద ఇండియన్ టీమ్ ____ వన్ ద మ్యాచ్" అని ఉండి హ్యాజ్, హ్యావ్ రెండూ ఇస్తే, కామెంటరీ పక్కనపెట్టి హ్యాజ్ గుర్తించండి. స్టాఫ్, ఫ్యామిలీ దగ్గర నిజంగానే రెండు జవాబులూ నిలబడే ప్రశ్నలు అప్పుడప్పుడూ కనిపిస్తాయి. అవి సరిగా తయారుచేయని ప్రశ్నలు, అంతే. సూచన దొరక్కపోతే ఏకవచనం పెట్టి ముందుకెళ్లిపోవాలి, అక్కడ నిమిషం పోగొట్టుకోకూడదు.

సమూహపదం తర్వాత "ఎ టీమ్ ఆఫ్ డాక్టర్స్", "ఎ బంచ్ ఆఫ్ కీస్" అని ఆఫ్ తగిలిస్తే మన పాత కొట్టివేత మళ్లీ పనిచేస్తుంది. టీమ్ హ్యాజ్, బంచ్ వాజ్. కానీ "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అలా కాదు. అది "చాలామంది" అనే అర్థంలో వస్తుంది కాబట్టి ఆర్. "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే సంఖ్య, అది ఒక్కటే కాబట్టి ఈజ్. ముందున్న చిన్నపదం "ఎ"నా "ద"నా అని చూడకుండా ఈ ప్రశ్న మీద చేయి వేయొద్దు.

పోలీస్, క్యాటిల్, పీపుల్. ఈ మూడింటికీ మామూలుగా బహువచనమే. మనమూ పోలీసులు వచ్చారు, పశువులు మేస్తున్నాయి, ప్రజలు ఓటేశారు అంటాం కాబట్టి తెలుగునే నమ్మొచ్చు. "ద పోలీస్ ____ అరెస్టెడ్ టూ మెన్", హ్యావ్. అయితే వీధిలో ఒక్కణ్ణి చూసి "పోలీస్ వచ్చాడు" అంటాం కదా, ఆ అలవాటు ఇంగ్లీషులోకి లాక్కొస్తే తప్పు. అక్కడ ఒక్కడైతే పోలీస్‌మ్యాన్ కావాలి. "ద పోలీస్ డిపార్ట్‌మెంట్" అన్నారంటే మళ్లీ శాఖ ఒక్కటి, హ్యాజ్.

ఖాళీలో క్రియ కాకుండా సర్వనామం వస్తే

"ఎవ్రీ స్టూడెంట్ మస్ట్ బ్రింగ్ ____ ఓన్ పెన్." మస్ట్ తర్వాత క్రియకు ఎస్ చేరదు కాబట్టి ప్రశ్నవాడు చూపు పెన్ను యజమాని మీదికి తిప్పాడు. పాత పద్ధతిలో హిజ్. ఆడపిల్లలు కూడా ఉన్న క్లాసుకు "హిజ్ ఓర్ హర్". ఈ మధ్యకాలంలో ఇంగ్లీషులో దెయిర్ కూడా బాగా స్థిరపడింది. 2019లో వచ్చిన ఏపీఏ స్టైల్ ఏడో ముద్రణ ఒక్కరిని ఉద్దేశించి దే, దెయిర్ వాడటాన్ని సమర్థించింది. పరీక్షలో మాత్రం ఆప్షన్లలో హిజ్ గానీ, హిజ్ ఓర్ హర్ గానీ ఉండి, పక్కనే దెయిర్ కూడా ఉంటే, దెయిర్ బహువచనపు ఎరగా పెట్టి ఉండే అవకాశమే ఎక్కువ. హిజ్ వైపే వెళ్లండి. ఏకవచన ఆప్షన్ అసలే లేకపోతే దెయిర్ నిస్సందేహంగా పెట్టొచ్చు.

నియమాన్నే మింగేసే వాక్యం

ఖాళీ దగ్గరికి వెళ్లకముందే ఆప్షన్లు చూడండి, దానికి కారణం ఉంది. విల్, కెన్, షుడ్, హ్యాడ్, వెంట్ లాంటి రూపాలు ఏకవచనానికీ బహువచనానికీ ఒకటే. నాలుగు ఆప్షన్లూ అలాంటివే అయితే ఆ ప్రశ్న కాలం గురించి, ఈ అధ్యాయం గురించి కాదు. "హ్యాజ్ బీన్, హ్యావ్ బీన్, హ్యాడ్ బీన్, వర్" అని కలిపి ఇస్తే మాత్రం వచనం, కాలం రెండూ అడిగినట్టు. ముందు వచనంతో వడపోసి, మిగిలినవాటిని "సిన్స్", "లాస్ట్ వీక్" లాంటి కాలపు మాటలతో తూకం వేయాలి.

చివరగా, ఇంతసేపూ నేర్చుకున్నదాన్ని వదిలేయాల్సిన వాక్యం ఒకటి చూడండి. "ఇట్ ఈజ్ ఎసెన్షియల్ దట్ ఈచ్ ఆఫ్ ద మెంబర్స్ ____ ద మీటింగ్." ఆప్షన్లు: అటెండ్, అటెండ్స్, అటెండెడ్, ఈజ్ అటెండింగ్.

కొట్టివేత చేస్తే "ఈచ్ ____ ద మీటింగ్", కాబట్టి అటెండ్స్ అనిపిస్తుంది. జవాబు అటెండ్. ఎసెన్షియల్, నెసెసరీ, ఇంపార్టెంట్ లాంటి మాటల తర్వాత, లేదా డిమాండ్, ఇన్సిస్ట్, రికమెండ్, సజెస్ట్ లాంటి క్రియల తర్వాత "దట్" వచ్చి, ఇలా జరగాలి అనే అర్థం ఉంటే, ఆ దట్ తర్వాతి క్రియ వచనాన్ని పట్టించుకోదు. ఈచ్ అయినా, హీ అయినా, మెంబర్స్ అయినా మూలరూపమే ఉంటుంది. అదే ఇన్సిస్ట్ "ఇలా జరుగుతోందని గట్టిగా చెప్పడం" అనే అర్థంలో వస్తే మూలరూపం పోయి మామూలు క్రియ తిరిగి వస్తుంది. "హీ ఇన్సిస్ట్స్ దట్ ఈచ్ ఆఫ్ ద మెంబర్స్ ____ ద ట్రూత్." నిజం తెలుసుకోవాలని పట్టుబడితే "నో", అందరికీ నిజం ముందే తెలుసని వాదిస్తే "నోస్." ఇంత చిన్న వాక్యంలో ఆ తేడా చెప్పే మాటేదీ లేకుండా రెండు రూపాలూ ఆప్షన్లలో పెట్టే ప్రశ్న అరుదు. ఎసెన్షియల్, నెసెసరీ ఉన్న వాక్యాలే ఎక్కువ వస్తాయి, వాటిలో మూలరూపం పెడితే సరిపోతుంది.